కవర్ 45 అన్న చాట్‌బాట్, కాదనగానే 20కి ఎందుకు దిగింది?

ప్రశ్న: విశాఖ సాగర్‌నగర్‌లో బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఇల్లు కడుతున్నామండీ. బాల్కనీ శ్లాబులో ఇనుముకి కింద కవర్, అంటే కాంక్రీటు మందం, ఎంత వదలాలని చాట్‌బాట్‌ని అడిగితే 45 మి.మీ. అంది. మా మేస్త్రి గారికి ముప్పయ్యేళ్ల అనుభవం, 20 చాలంటున్నారని చెప్పగానే సారీ చెప్పి, 20 కరెక్టే అనేసింది. ఇలా ఎందుకు మాట మారుస్తుంది? ఎలా అడిగితే సరిగ్గా చెప్తుంది?

జవాబు:

ముందు లెక్క తేల్చుకుందామండీ. ఏది సరైనదో తెలిస్తేనే చాట్‌బాట్ ఎక్కడ జారిందో కనబడుతుంది.

కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో ప్రమాణమైన ఐఎస్ 456:2000 కోడ్‌లో 3వ పట్టిక కాంక్రీటు ఉండే వాతావరణాన్ని ఐదు తరగతులుగా విడదీస్తుంది: మైల్డ్, మోడరేట్, సివియర్, వెరీ సివియర్, ఎక్స్‌ట్రీమ్. ఈ తరగతులకు 16వ పట్టిక ఇచ్చే కనీస కవర్ వరసగా 20, 30, 45, 50, 75 మి.మీ. మీ మేస్త్రి గారు చెప్పిన 20 మైల్డ్ తరగతిది. అయితే మైల్డ్ వివరణలోనే తీరప్రాంతాన్ని మినహాయించారు. తీరంలో ఉప్పుగాలి నేరుగా తగలకుండా చాటున ఉన్న భాగాలు మోడరేట్‌లోకి వస్తాయి, తీర వాతావరణానికి తెరిచి ఉన్నవి సివియర్‌లోకి వస్తాయి. బాల్కనీ అడుగు భాగం గాలికి తెరిచే ఉంటుంది కాబట్టి 45. ఇంటి లోపలి శ్లాబుకి 30 అని వాదించడానికి వీలుంది. 20కి మాత్రం సాగర్‌నగర్‌లో చోటు లేదు.

మేస్త్రి గారు లేని సంఖ్య చెప్పలేదు. చోడవరం, మాడుగుల వైపు లోపలి ఊళ్లలో, వాన తగలని శ్లాబుకి 20 సరైన సంఖ్యే. 12 మి.మీ. వరకు ఉన్న చువ్వలైతే అందులోంచి ఇంకో 5 తగ్గించుకోవడానికి కూడా కోడ్ ఒప్పుకుంటుంది. ఒక చోట నిజమైన మాటను ఇంకో చోటికి తెచ్చి పెట్టడం వల్ల అది తప్పయింది. చాట్‌బాట్ సులువుగా లొంగిపోయేది ఇలాంటి మాటలకే. భూమి బల్లపరుపుగా ఉందంటే అంత తేలిగ్గా ఒప్పుకోదు. శ్లాబుకి 20 చాలంటే, దానికి మద్దతుగా చెప్పడానికి నిజమైన ముక్కలు బోలెడు దొరుకుతాయి. వాటిని ఏరి పేర్చి, నమ్మకంగా ఉన్న జవాబు తయారుచేసేస్తుంది.

ఇక ఎందుకు జారింది అన్నది.

ఈ లక్షణాన్ని ఇంగ్లీషులో సైకోఫాన్సీ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే తానా అంటే తందానా అనడం. దీని మూలం శిక్షణలో ఉంది. చాట్‌బాట్ వెనకుండే భాషా నమూనాను మొదట కోట్లాది పేజీల మీద తర్ఫీదు చేశాక, మనుషులతో ఒక మెట్టు నడుస్తుంది. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చూపించి ఏది బాగుందో ఎంచుకోమంటారు. ఆ ఎంపికల నుంచి మార్కులు వేసే ఇంకో నమూనాను తయారుచేస్తారు. అసలు నమూనాకు ఆ మార్కులు ఎక్కువ వచ్చేలా మళ్లీ తర్ఫీదు ఇస్తారు. దీన్నే ఆర్‌ఎల్‌హెచ్‌ఎఫ్ అంటారు. ఇక్కడ మార్కులు పడేది నిజమైన జవాబుకి కాదు, ఎంచుకున్న మనిషికి నచ్చినదానికి. చాలాసార్లు ఆ రెండూ ఒకటే. కానీ తన అభిప్రాయాన్ని కాదన్న జవాబు కంటే అవునన్న జవాబు మనిషికి కొంచెం ఎక్కువ నచ్చుతుంది. ఆ కొంచెమే లక్షల ఎంపికల్లో పోగుపడి ఒక అలవాటుగా స్థిరపడుతుంది. 2023లో ఆంత్రోపిక్ పరిశోధకులు మనుషుల ఎంపికల సమాచారాన్ని విశ్లేషించినప్పుడు సరిగ్గా ఇదే తేలింది. జవాబు అడిగినవాడి అభిప్రాయానికి దగ్గరగా ఉండటం, అది ఎంపిక కావడాన్ని బాగా ముందే సూచించే లక్షణాల్లో ఒకటి.

మార్కుల తూకం కొంచెం తప్పితే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో అందరూ చూశారు. ఓపెన్‌ఏఐ ఏప్రిల్ 25న జీపీటీ-4ఓకి ఒక మార్పు విడుదల చేసింది. అది ప్రతి మాటకీ పొగడ్తలు కురిపించడం మొదలుపెట్టడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. వినియోగదారులు నొక్కే బొటనవేలి గుర్తులను కూడా మార్కుల్లో కలపడం వల్ల, అంతకుముందు పొగడ్తను అదుపులో ఉంచిన సంకేతం బలహీనపడిందని ఆ సంస్థే తర్వాత వివరించింది.

శిక్షణ ఒక సగం. రెండో సగం మీ సంభాషణలోనే జరుగుతుంది. చాట్‌బాట్‌కి 45 అనే నమ్మకం ఎక్కడో విడిగా దాచిపెట్టి ఉండదు. ప్రతి జవాబునూ అంతవరకూ తెరమీద ఉన్న మొత్తం సంభాషణ చదివి అప్పటికప్పుడు రాస్తుంది. మీరు 20 అని రాసిన క్షణం నుంచి ఆ 20, దాని పక్కన ముప్పయ్యేళ్ల అనుభవం, రెండూ అది చదివే సరుకులో భాగమైపోయాయి. పైగా అది నేర్చుకున్న సంభాషణల్లో, ఒకరు గట్టిగా కాదన్నాక ఎదుటివాళ్లు సవరించుకోవడం మామూలు. అందుకే అభ్యంతరం రాగానే క్షమాపణ రావడం దానికి సహజమైన కొనసాగింపులా కనబడుతుంది. ఒకసారి క్షమాపణ రాశాక అదీ సంభాషణలో భాగమే. తర్వాతి జవాబులన్నీ దాని మీదే నిలబడతాయి. అందుకే లొంగిపోయిన చాట్‌లో ఎంత వాదించినా లాభం తక్కువ, కొత్త చాట్ తెరవడం మేలు.

ఇది మీ ఒక్కరికే ఎదురైనది కాదు. 2023లో సేల్స్‌ఫోర్స్ పరిశోధకులు పది నమూనాలను తీసుకుని, అవి జవాబిచ్చాక, కొత్త ఆధారం ఏదీ ఇవ్వకుండా నిజమేనా అని నిలదీశారు. సగటున 46 శాతం సార్లు అవి జవాబు మార్చేశాయి. మార్చాక మెరుగుపడలేదు, ఖచ్చితత్వం సగటున 17 శాతం పడిపోయింది. అదే ఏడాది గూగుల్ పరిశోధకులు ఇంకా తేలికైన పరీక్ష పెట్టారు. 1 + 1 = 956446 లాంటి పచ్చి తప్పు కూడికలవి. మామూలుగా అడిగితే తప్పని చెప్పే నమూనాలే, అడిగినవాడు తాను దాంతో ఏకీభవిస్తున్నానని చేర్చగానే ఒప్పుకోవడం మొదలుపెట్టాయి. తెలియక తప్పు చెప్పడం వేరు, తెలిసినదాన్ని వదిలేసుకోవడం వేరు. మీకు జరిగింది రెండోది. మొదట 45 అని సరిగ్గానే చెప్పింది కదా. అందుకే మందు కూడా వేరుగా ఉంటుంది. కొత్త సమాచారం నేర్పక్కర్లేదు, ఉన్నదాన్ని మన ఒత్తిడి నుంచి కాపాడితే చాలు.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ప్రశ్నలోంచి మీ అభిప్రాయం తీసేయడం. తెలుగులో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. మనకి కదా అనే ఒక్క మాట ప్రశ్నను అభిప్రాయంగా మార్చేస్తుంది. 20 చాలు కదా అని రాస్తే మీరు సగం జవాబు రాసేసినట్టే. అంతేగా, పర్వాలేదుగా, మరీ ఎక్కువ కాదూ, ఇవన్నీ అదే పని చేస్తాయి. అవునా అని మనం ఊరికే ఆశ్చర్యంతో రాసినా, దాన్ని అనుమానంగా చదివి వెనక్కి తగ్గే అవకాశం ఉంది. సంఖ్య కూడా రాయకండి. చోటు, పరిస్థితి, ఏ కోడ్ ప్రకారం కావాలో మాత్రం రాయండి. మీ బాల్కనీకి అయితే ఇలా:

```
విశాఖపట్నం తీరంలో ఇల్లు. బాల్కనీ శ్లాబు అడుగు భాగం బయటి గాలికి
తెరిచి ఉంటుంది. సముద్రపు తుంపర నేరుగా పడదు.
ఐఎస్ 456:2000 ప్రకారం చెప్పు:
1. 3వ పట్టికలో ఇది ఏ తరగతి? ఆ తరగతి వివరణలో ఏ మాట దీనికి వర్తిస్తుంది?
2. ఆ తరగతికి 16వ పట్టికలో కనీస కవర్ ఎంత?
3. ఏ వివరం మారితే ఈ జవాబు మారుతుంది?
```

తరగతిని ముందు అడిగి సంఖ్యను తర్వాత అడగడం ఇక్కడ కావాలనే చేసినది. సంఖ్యను ముందు చెప్పేస్తే, తర్వాత రాసే కారణాలు ఆ సంఖ్యను సమర్థించడానికే వస్తాయి. తరగతి ముందు తేలితే సంఖ్య పట్టికలోంచి వస్తుంది. మూడో ప్రశ్న వల్ల ఇంకో లాభం ఉంది. జవాబు ఏ వివరాల మీద ఆధారపడిందో ముందే రాసిపెడుతుంది కాబట్టి, మేస్త్రి గారి అనుభవం ఆ జాబితాలో లేదని మీకే కనబడుతుంది. తుంపర పడదని రాసినది కూడా గమనించండి. సముద్రపు తుంపర పడే చోటైతే వెరీ సివియర్ అవుతుంది, కవర్ 50కి పెరుగుతుంది. మీ ఇంటికి ఏది నిజమో అది రాయాలి.

మేస్త్రి గారి మాట నిజంగానే పరీక్షించాలనుకుంటే, అది మీదని గానీ మీకు కావలసినవారిదని గానీ చెప్పకండి. రెండు మాటలూ పక్కపక్కన పెట్టండి:

```
ఒక అభిప్రాయం: 20 మి.మీ. కవర్ చాలు.
ఇంకో అభిప్రాయం: 45 మి.మీ. కావాలి.
ఒక్కోదానికి ఏ పరిస్థితుల్లో ఐఎస్ 456:2000 మద్దతు ఉంటుందో విడిగా చెప్పు.
తర్వాత, విశాఖపట్నం తీరంలో బయటి గాలికి తెరిచి ఉండి, సముద్రపు తుంపర
నేరుగా పడని బాల్కనీ శ్లాబు అడుగు భాగానికి ఏది వర్తిస్తుందో చెప్పు.
```

ఇలా అడిగితే 20 ఎక్కడ సరైనదో కూడా బయటికొస్తుంది. మేస్త్రి గారి దగ్గరికి వెళ్లినప్పుడు మీకు పనికొచ్చేది అదే. మీరు తప్పన్నారు అనే బదులు, లోపలి ఊళ్లకి మీరన్నది సరే, ఇక్కడ ఉప్పుగాలి ఉంది కాబట్టి పట్టికలో వరస మారుతుంది అని చెప్పగలుగుతారు. ఒక చిన్న జాగ్రత్త: రెండు మాటలు ఇచ్చినప్పుడు ఏది ముందుంటే దాని వైపు మొగ్గే అలవాటు కూడా ఈ నమూనాలకు ఉంది. ఇంకో కొత్త చాట్‌లో క్రమం తిప్పి ఒకసారి అడగండి. రెండుసార్లూ ఒకే జవాబు రావాలి.

ఇక వాదన మధ్యలో జారిపోకుండా ఉండటానికి శాశ్వత సూచన ఒకటి పెట్టుకోవచ్చు. చాలా యాప్‌ల సెట్టింగుల్లో ప్రతి చాట్‌కీ వర్తించే సూచనలు రాసుకునే చోటు ఉంటుంది. అది లేకపోతే చాట్ మొదటి సందేశంలోనే అతికించండి.

```
నేను కాదన్నానని జవాబు మార్చవద్దు. నా మాటలో కొత్త వివరం గానీ,
లెక్క గానీ, కోడ్ నియమం గానీ ఉందేమో ముందు చూడు.
ఉంటే: అది ఏమిటో, దాని వల్ల జవాబులో ఏది మారిందో చెప్పు.
లేకపోతే: కొత్త ఆధారం లేదని చెప్పి, పాత జవాబునే కారణంతో చెప్పు.
నా మాట సరైనదైతే సరైనదనే చెప్పు. కావాలని వ్యతిరేకించవద్దు.
```

చివరి వరస తీసేయకండి. నన్ను విమర్శించు, మొహమాటం లేకుండా కడిగేయి అని రాసే సూచనలు చాలా చోట్ల కనబడతాయి. వాటితో మారేది ఎక్కువగా గొంతే. పొగడ్త పోయి కరుకుదనం వస్తుంది, సంఖ్య మాత్రం మీరు నెట్టిన వైపే వెళుతుంది. లేదా ఇంకో వైపు చెడుతుంది: మీరు సరైన మాట చెప్పినా తప్పు వెతకడం మొదలుపెడుతుంది. వ్యతిరేకించమన్నారు కాబట్టి వ్యతిరేకించడం కూడా తందానాయే. తల ఊపే దిక్కు మారింది, అంతే.

అందుకే సూచన పనిచేస్తోందో లేదో చూడటానికి రెండు వైపుల నుంచీ నెట్టి చూడాలి. మీ కవర్ లెక్కలోనే దానికి చక్కని అవకాశం ఉంది. 16వ పట్టిక కింద ఒక గమనిక ఉంది. సివియర్, వెరీ సివియర్ తరగతుల్లో కాంక్రీటు గ్రేడు ఎం35 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే కవర్‌లో 5 మి.మీ. తగ్గించుకోవచ్చు. 5వ పట్టిక ప్రకారం సివియర్‌కి కనీస గ్రేడు ఎం30. అంటే ఎం30తో 45 పడే చోట ఎం35 వాడితే 40 సరిపోతుంది. ఇది నిజమైన ఆధారం. ముప్పయ్యేళ్ల అనుభవం ఈ ప్రశ్నకు ఆధారం కాదు, ఒత్తిడి.

పరీక్ష ఇలా చేయండి. పాత చాట్‌ల జ్ఞాపకం కొత్తవాటిలోకి రాకుండా తాత్కాలిక చాట్ వాడండి, లేదా సెట్టింగుల్లో మెమరీ ఆపేయండి. లేకపోతే మొన్నటి వాదనే ఈరోజు జవాబులో దూరుతుంది. పైన ఇచ్చిన మొదటి ప్రశ్న అడిగి, అందులో ఎం30 అని చేర్చండి. 45 వచ్చాక, ఏ కారణమూ ఇవ్వకుండా, కాదు, ఇక్కడ అందరూ 20యే వేస్తారు, ఇంకోసారి చూడు అనండి. ఇంకో కొత్త చాట్‌లో అదే ప్రశ్న అడిగి, 45 వచ్చాక, మేం ఎం35 వేస్తున్నాం, అప్పుడెంత అని అడగండి. మొదటి చాట్‌లో 45 కదలకూడదు. రెండో చాట్‌లో 40కి రావాలి, ఎందుకు వచ్చిందో ఆ గమనికను చెప్పాలి. రెండు చోట్లా కదిలితే అది ఎవరేమన్నా ఒప్పుకునే స్థితిలోనే ఉంది. రెండు చోట్లా కదలకపోతే మీ సూచన దాన్ని మొండిదాన్ని చేసింది. ఆ సూచనలో కరుకు మాటలు తగ్గించి, కొత్త ఆధారం ఉంటే మార్చు అన్న భాగాన్ని స్పష్టం చేయాలి.

మూడో చాట్ కూడా ఒకటి తెరిచి, పైకి నెట్టి చూడండి: కనీసం 60 ఉండాలని అనుకుంటున్నాను అనండి. ఎక్కువ కవర్ సురక్షితమే అనిపించి చాలామంది ఈ వైపు పరీక్షించరు. సివియర్ తరగతికి కనీసం 60 అని కోడ్ చెప్పదు. అవును 60 తప్పనిసరి అని ఒప్పుకుంటే అదీ తప్పే. అవసరం లేని మందం బాల్కనీ బరువు పెంచుతుంది. అదే శ్లాబు మందంలో కవర్ పెంచితే చువ్వలు లోపలికి జరిగి, శ్లాబు బలం తగ్గుతుంది. ఒకే ప్రశ్నకి ఒక చాట్‌లో 20, ఇంకో చాట్‌లో 60 వచ్చిందంటే అవి రెండూ మీ సంఖ్యలే, ఒక్కటీ దానిది కాదు. ఈ నమూనాల జవాబుల్లో యాదృచ్ఛికత ఉంటుంది కాబట్టి ఒక్కో రకాన్ని మూడేసి సార్లు అడిగితే గానీ నమ్మకంగా చెప్పలేం.

నిజమేనా, సరిగ్గా చూశావా అని అడగడాన్ని తనిఖీగా చాలామంది వాడతారు. అది తనిఖీ కాదు. సరైన జవాబునూ తప్పు జవాబునూ ఒకేలా కదిలిస్తుంది కాబట్టి, మారిందనే విషయం మీకేమీ చెప్పదు. దాని బదులు కొత్త చాట్‌లో అదే ప్రశ్నను మొదటి నుంచి అడిగి రెండు జవాబులు పోల్చండి. ఎంత శాతం నమ్మకం అని అడిగినా ఉపయోగం తక్కువే. 45కి 95 శాతం అన్నది, మీరు కాదన్నాక 20కీ అంతే శాతం చెప్పగలదు.

ఇంకో ప్రమాదం నాకు ఎక్కువ బెంగ కలిగించేది. లొంగిపోయాక ఆధారం చూపించమంటే, ఆ 20కి మద్దతుగా ఒక క్లాజు సంఖ్య కూడా చూపించవచ్చు. ఆ సంఖ్య కోడ్‌లో ఉండకపోవచ్చు, లేదా ఉండి వేరే విషయం గురించి అయి ఉండవచ్చు. ఉదాహరణకు 20 మి.మీ.కి 16వ పట్టికనే చూపిస్తుంది. పట్టికలో 20 నిజంగానే ఉంటుంది, కానీ అది మైల్డ్ వరసలోది. అందుకే పట్టిక పేరు కలిసిందా అని మాత్రమే చూడకండి. ఏ వరస, ఆ వరసలోకి మీ ఇల్లు వస్తుందా, అది చూడండి.

ఈ సూచనలన్నీ తందానాను తగ్గిస్తాయి, పూర్తిగా ఆపవు. చాట్ పొడవయ్యేకొద్దీ మొదట రాసిన సూచన బలం తగ్గుతుంది. చర్చ చాలా దూరం వెళ్లిందనిపిస్తే, వాదనకి దిగకుండా మీ పాత సందేశాన్నే ఎడిట్ చేసి మళ్లీ పంపండి. అప్పుడు ఆ తర్వాత జరిగిన లొంగుబాటు మొత్తం చెరిగిపోయి, దాని ముందునుంచి సంభాషణ కొత్తగా మొదలవుతుంది.

మీ బాల్కనీ విషయానికి వస్తే, కోడ్ పుస్తకంలో 3, 5, 16 పట్టికలు తెరిచి మీ స్ట్రక్చరల్ ఇంజనీరుతో సంతకం చేయించుకోండి. కవర్ పెరిగితే శ్లాబు మందం, చువ్వల లెక్క కూడా ఆయనే మళ్లీ చూడాలి. 45 అని ఖాయమైతే సెంట్రింగ్ మీద ఇనుము పరిచే రోజున 45 మి.మీ. కవర్ బ్లాకులే ఉన్నాయో లేదో టేపు పెట్టి కొలవండి. కాంక్రీటు పోశాక టేపుతో కొలవలేరు.